కొరియా అక్షరాలు వారంలో: కింద ఉన్నది వత్తు కాదు, పొల్లు

గుంటూరు హాస్టల్లో మా రూములో ముగ్గురం, ముగ్గురం సుగాలి పిల్లలమే. ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ ఉంది కదా, కొరియా భాష వస్తే పనికొస్తుందని సీనియర్ అన్న చెప్పాడు. మిరప కోతలకి ఊరెళ్లే ముందు వారం ఖాళీ దొరికితే అక్షరాల మీద కూర్చున్నాం. ఎక్కడ బోల్తా పడ్డామో చెప్తాం.

మొత్తం 24 అక్షరాలు. హల్లులు 14, అచ్చులు 10. మూడు రోజులు రాసి రాసి దిద్దాం. అసలు కష్టం నాలుగో రోజు గడుల దగ్గర మొదలైంది. ఒక్కో గడి ఒక్కో పలుకు. ముందు హల్లు, దాని పక్కనో కిందో అచ్చు, చివర ఇంకో హల్లుంటే అన్నిటికంటే అడుగున.

산 అంటే కొండ. పైన స, పక్కన అ, అడుగున న. మేమేమో "స్న" అని చదివాం! మనకి కింద ఉన్నదల్లా వత్తే కదా. అక్కడ అడుగున ఉన్నది పొల్లు, అచ్చు అయ్యాక పలకాలి. కాబట్టి "సన్". ㅇ కూడా అంతే. సున్నాలా ఉంటుంది. గడి మొదట్లో ఉంటే శబ్దమే లేదు, అడుగున ఉంటే "సింగం"లో మొదటి సున్నా పలికినట్టు పలుకుతుంది.

ఐదో రోజు 국물 వచ్చింది. అంటే పులుసు నీళ్లలాంటిది. రాతని బట్టి "కుక్ముల్". ఆడియోలో మాత్రం "కుఙ్ముల్" అంటున్నారు. ఆడియో తప్పేమో అనుకున్నాం. అప్పుడు మాలో ఒకడికి పదో తరగతి అనునాసిక సంధి గుర్తొచ్చింది. వాక్ + మయం = వాఙ్మయం. అదే లెక్క! క్ తర్వాత మ వస్తే క్ కాస్తా ఙ్ అవుతుంది. తేడా ఒక్కటే: మనం మారిన శబ్దాన్నే రాస్తాం, వాళ్లు రాత మార్చరు, నోరే మార్చుకోవాలి.

ఇంకో తప్పు కూడా చేశాం. ప్రతి మాట పక్కన తెలుగులో రాసుకున్నాం. కన్ను తెలుగు మీదకే పోయింది, గడి చదవనే లేదు. ఆరో రోజు అవన్నీ కొట్టేశాం. ఏడో రోజు ఒకడు ఆడియో మూసి ఇరవై మాటలు చదివాడు, తర్వాత విని సరిచూశాం. పదమూడు కుదిరాయి. చదవడం వచ్చింది గానీ అర్థాలు ఇంకా రాలేదు, అది వేరే పని.

సెజోంగ్ రాజు 1443లో ఈ అక్షరాలు తయారు చేసి 1446లో ప్రకటించాడు. చైనా అక్షరాలు మామూలు జనానికి అందట్లేదని చేసిన పని అది. మన ఇంటి మాటకి సొంత రాత లేదు కదా, అందుకని రాత్రి "యాడి" అని రాసి చూశాం: 야디. చదివితే "యాది"లా వచ్చింది. డ, ద తేడా ఆ అక్షరాల్లో లేదు. అమ్మని పిలిచే మాట తెలుగులోనే సరిగ్గా కుదిరింది. మిరప చేలో ఉన్న యాడికి ఫోన్ చేసి చెప్తే, "నాకు ఆ తెలుగైనా నేర్పరా ముందు" అంది. ఈసారి కోతలకి పలక తీసుకెళ్తున్నాం.