బ్రాండ్ వాళ్ళ అగ్రిమెంటులో ముందు చూడాల్సింది రేటు కాదు, రోజు



మన డెల్టాలో పొలం గట్టు మీద ఫోన్ పెట్టి వీడియోలు తీసేవాళ్ళు బాగానే పెరిగారు. కాస్త చూసేవాళ్ళు పెరగగానే మందుల కంపెనీల తరఫున ఏజెన్సీ వాళ్ళు ఫోన్ చేస్తున్నారు. అప్పుడు మనవాళ్ళందరూ నన్ను అడిగేది ఒకటే: "బాబాయ్, ఎంత అడగమంటావు?"

ఎంత అనేది తర్వాత చూసుకుందామండి. డబ్బు ఏ రోజు నుంచి లెక్క, ఆ రోజుని ఎవరు నిర్ణయిస్తారు, ముందు ఇది తేల్చుకోవాలి. ధాన్యం కాటా వేసి పంపాక "మిల్లరు ఇంకా ఇవ్వలేదండి, ఆయన ఇచ్చాక ఇస్తా" అనే దళారిని మనం చూడలేదా? ఈ అగ్రిమెంట్లలో కూడా ఆ మాటే ఉంటుంది, కాకపోతే ఇంగ్లీషులో ఉంటుంది.

పోయిన దాళ్వాలో వరికి వాడే జింకు పిచికారీ మందు మీద నేను చేసుకున్న ఒప్పందం పెట్టి చెబుతాను. కంపెనీ పేరు, ఏజెన్సీ పేరు మనకి అనవసరం. ఫీజు 40,000 రూపాయలు. వాళ్ళు పంపిన మొదటి కాగితంలో నాలుగు మాటలు ఉన్నాయి. అడ్వాన్సు లేదు. వీడియో పేజీలో పెట్టి, క్లయింటు తృప్తి చెందాక, క్లయింటు దగ్గర నుంచి ఏజెన్సీకి డబ్బు అందిన 60 రోజులకి మనకి ఇస్తారు. మార్పులు ఎన్నిసార్లయినా చేసివ్వాలి. స్క్రిప్టు అందిన మూడు రోజుల్లో వీడియో ఇవ్వాలి.

ఆ "క్లయింటు తృప్తి" దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఆయనకి తృప్తి కలిగేదాకా మన డబ్బు కదలదు. రేపు ఆయన "ఎకరాకి ఐదు బస్తాలు పెరిగిందని చెప్పండి" అంటే, డబ్బు ఆయన చేతిలో ఉంది కాబట్టి మనం నోరు మెదపలేం. కోత కాకుండా దిగుబడి ఎవరికి తెలుస్తుందండి? ఆ మాట నమ్మి మందు కొనేది మన పక్క చేను వాడే. పైగా 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనలో నోరు కలిపినవాడికి కూడా 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. పరిశీలించుకునే చెప్పానని చూపించుకోగలిగితేనే బయటపడతాం. కాబట్టి డబ్బు షరతు సరిగ్గా రాయించుకోవడం అంటే మన మాట మన చేతిలో ఉంచుకోవడం.

నేను మార్చమన్నది ఇదండి. సగం, అంటే 20,000, సంతకం రోజున. మిగతా 20,000 ఫైనల్ వీడియో వాళ్ళకి మెయిల్లో పంపిన రోజు నుంచి 15 రోజుల్లో. "పోస్టు చేశాక" అని రాస్తే, వాళ్ళు పోస్టు తేదీ చెప్పకుండా నెల నానిస్తారు. పంపిన రోజు అంటే మెయిల్లో తేదీ ఉంటుంది, దానికి వాదన లేదు. క్లయింటు ఏజెన్సీకి ఇచ్చినా ఇవ్వకపోయినా ఏజెన్సీ మనకి ఇవ్వాలి అని ఇంకో వాక్యం. వాళ్ళు అడ్వాన్సు 30 శాతం ఇస్తామన్నారు. నేను సగం దగ్గరే నిలబడి, బదులుగా వాళ్ళ సొంత పేజీలో ఆ వీడియో మూడు నెలలు వాడుకోవడానికి ఒప్పుకున్నాను. ఆ వాడకం హక్కు కూడా పూర్తి డబ్బు అందాకే మొదలవుతుంది అని రాయించాను. బేరంలో ఒకటి అడిగితే ఒకటి ఇవ్వాలి కదండీ. ఇచ్చేది మనకి ఖర్చు లేనిదై ఉంటే చాలు.

ఇక గడువు. సినిమా వాళ్ళకి సెట్టింగు ఉంటుంది, మనకి పైరు ఉంటుంది. జింకు లోపం నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో కనబడుతుంది. ఆకు మీద తుప్పు రంగు మచ్చలు వస్తాయి, పైరు ఎదక్కుండా గిడసబారిపోతుంది. ఆ కొద్ది రోజులు దాటితే చూపించడానికి ఏమీ ఉండదు. అందుకని క్యాలెండరు తేదీకి బదులు పైరు దశతో గడువు రాయించాను: "నాటిన 20 నుంచి 25 రోజుల మధ్య మొదటి షూటింగు. దానికి ఐదు రోజుల ముందే మందు డబ్బాలు, ఒప్పుకున్న స్క్రిప్టు నాకు అందాలి. అవి ఎన్ని రోజులు ఆలస్యమైతే నా గడువు అన్ని రోజులు జరుగుతుంది. వాళ్ళ ఆలస్యం వల్ల దశ దాటిపోతే అడ్వాన్సు తిరిగి ఇవ్వను, వచ్చే పంటకి కొత్తగా మాట్లాడుకోవాలి." వాన, తుఫాను, కాలవ నీళ్ళ వంతు తప్పడం, ఇవి ఎవరి తప్పూ కాదు కాబట్టి ఆ రోజులు కూడా జరుగుతాయని రాసుకున్నాం.

మార్పుల సంగతి దీనికి ముడిపడే ఉంది. "రెండు సార్లు మార్పులు" అని ఊరికే రాస్తే సరిపోదు. ఏది మార్పు, ఏది కొత్త పని అన్నది రాయాలి. వీడియోలో ముక్క కత్తిరించడం, అక్షరాలు సరిచేయడం, ఒక మాట మళ్ళీ చెప్పి అతికించడం, ఇవి మార్పులు. మళ్ళీ పొలంలో దిగి తీయాల్సి వస్తే అది కొత్త షూటింగు, దానికి వేరే రేటు. నేను 15,000 రాశాను. ఇంకో మూడు మాటలు కూడా ఉండాలి. స్క్రిప్టు ఒప్పుకున్నాకే షూటింగు. చెప్పాల్సిన మార్పులన్నీ ఒకేసారి, మూడు పనిదినాల్లో, మెయిల్లో చెప్పాలి. చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. పొలంలో నేను చూడనిది చెప్పమనే మార్పు అసలు మార్పు కిందకే రాదు.

ఇది ఎలా పనికొచ్చిందో చూడండి. జనవరి 5న నాట్లు. 27న మచ్చలు ఉండగా తీశాం. పిచికారీ అయ్యాక ఫిబ్రవరి 8న పచ్చబడ్డాక మళ్ళీ తీశాం. 9న మొదటి వీడియో పంపాను, 11న మార్పులు చెప్పారు, 13న ఫైనల్ పంపాను. అంటే మిగతా డబ్బుకి ఫిబ్రవరి 28 ఆఖరి రోజు. 15న ఫోన్: "డబ్బా లేబులు మారిందండి, మచ్చలున్న సీను కొత్త డబ్బాతో మళ్ళీ తీయండి." మచ్చలు ఎక్కడున్నాయండి, పైరు నవనవలాడుతుంటే? ఒప్పందంలో రాసిన మాట మెయిల్లో పెట్టి, కొత్త షూటింగుకి 15,000, అదీ వచ్చే పంటలో అని రాశాను. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. అదే "మార్పులు ఎన్నిసార్లయినా" అన్న కాగితమైతే డబ్బు అక్కడే ఆగిపోయేది.

అయినా 28కి డబ్బు రాలేదండి. ఇక్కడ కోపం పనికిరాదు, క్రమం పనికొస్తుంది. మార్చి 1న ఏజెన్సీ అమ్మాయికి మర్యాదగా ఒక మెసేజి. "క్లయింటు ఇంకా వేయలేదు సార్" అని జవాబు. 4న వాళ్ళ అకౌంట్సు విభాగానికే మెయిలు: బిల్లు, ఒప్పందం, ఫైనల్ వీడియో పంపిన మెయిలు, మూడూ జతచేసి. మనతో మాట్లాడే వాళ్ళ చేతిలో డబ్బు ఉండదు, అకౌంట్సు వాళ్ళ చేతిలో ఉంటుంది. 8న చట్టం పేరు చెప్పి నోటీసు లాంటి మెయిలు. 11న టీడీఎస్ పోను మిగతాది ఖాతాలో పడింది.

ఆ చట్టం మీరు తెలుసుకోవాలి. 2006 నాటి ఎం.ఎస్.ఎం.ఈ. అభివృద్ధి చట్టం. చిన్న సంస్థగా నమోదైన మన దగ్గర పని చేయించుకున్నవాళ్ళు ఒప్పందంలో రాసిన గడువులో డబ్బు ఇవ్వాలి, ఆ గడువు 45 రోజులు మించకూడదు. రాసుకోకపోతే 15 రోజులే. పని అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే. కాబట్టి ఆ 60 రోజుల షరతు చట్టం ముందు నిలవదు. గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడు రెట్లు వడ్డీ, నెలనెలా చక్రవడ్డీతో. బ్యాంకు రేటు 6 శాతం అనుకోండి, మూడు రెట్లు 18, అంటే మన ఊరి లెక్కలో రూపాయిన్నర వడ్డీ. 20,000 మీద మొదటి నెల 300, రెండో నెల వడ్డీ 20,300 మీద.

వాళ్ళని ఎక్కువ కదిలించేది ఇంకోటి ఉంది. 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఆదాయపు పన్ను నిబంధన ప్రకారం, ఇలా గడువు దాటిన బాకీని మార్చి 31 లోపు కట్టకపోతే కంపెనీ దాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోవడానికి కుదరదు. మార్చిలో ఆ మెయిలు చూసి అకౌంట్సు వాళ్ళు ఎందుకు కదిలారో ఇప్పుడు అర్థమైందా?

దీనికి ఉద్యం నమోదు కావాలి. udyamregistration.gov.in లో ఆధార్, పాన్‌తో రూపాయి ఖర్చు లేకుండా అవుతుంది. ఎవడైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. ఉత్త వ్యవసాయం పేరుతో కాదు, ప్రకటనల సేవ కింద నమోదు చేసుకోవాలి. పని ఒప్పుకోక ముందే చేసుకోండి, తర్వాత చేసుకుంటే పాత పనికి వర్తించదని అవతలి వాళ్ళు వాదిస్తారు. నంబరు ఒప్పందంలోనూ బిల్లు మీదా వేయండి.

నోటీసుకీ కదలకపోతే ఎం.ఎస్.ఎం.ఈ. శాఖ పోర్టల్లో ఫిర్యాదు పెట్టొచ్చు. అది మన రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళ్తుంది. కాగితంలో "తగాదా ముంబై కోర్టులోనే" అని ఉన్నా, కంపెనీ దేశంలో ఎక్కడున్నా, అమ్మినవాడు ఉన్న చోట కౌన్సిల్ వినొచ్చు. చట్టంలో 90 రోజులు అని ఉంది గానీ అంత త్వరగా తేలుతుందని లెక్క వేసుకోకండి. అందుకే అడ్వాన్సు సగం ముందే తీసుకోమనేది.

పన్ను మాట కూడా ఒకటి. ఈ డబ్బు వ్యవసాయ ఆదాయం కాదు, రిటర్నులో వేరుగా చూపించాలి. టీడీఎస్ కోత మీ పాన్ మీద పడిందో లేదో ఆదాయపు పన్ను పోర్టల్లో చూసుకోండి. కోసుకుని కట్టకపోతే అది కూడా బాకీయే.

ఒప్పందంలో పెట్టమని మెయిల్లో పంపడానికి ఈ ముక్క కాపీ చేసుకోండి:

"ఫీజులో సగం సంతకం రోజున, మిగతా సగం ఫైనల్ వీడియో మెయిల్లో పంపిన 15 రోజుల్లో, క్లయింటు చెల్లింపుతో సంబంధం లేకుండా ఇవ్వాలి. ఎడిటింగు మార్పులు రెండు విడతలు, ప్రతి విడత మూడు పనిదినాల్లో ఒకేసారి చెప్పాలి, లేకపోతే ఆమోదించినట్టే. మళ్ళీ షూటింగుకి వేరే ఫీజు. మందు, స్క్రిప్టు ఆలస్యమైతే గడువు అన్ని రోజులు జరుగుతుంది. వాడకం హక్కు పూర్తి చెల్లింపు తర్వాతే. ఆలస్యానికి ఎం.ఎస్.ఎం.ఈ. చట్టం ప్రకారం వడ్డీ."

దీనికి ఒప్పుకోని వాళ్ళు ఉంటారండి. అడ్వాన్సు 40 శాతం అంటే సర్దుకోవచ్చు, 15 రోజులు 30 అంటే కూడా సర్దుకోవచ్చు. "క్లయింటు తృప్తి చెందాక" అన్న మాట మాత్రం తీయనంటే వదిలేయండి. ఆ వీడియో చూసి మందు కొనేది రేపు మన గట్టు మీద ఎదురయ్యే మనిషే.