భరిణెలో పంచదార

దీపావళికి రెండు రోజుల ముందు ఆఫీసు నుంచి ఇంటికెళ్ళేసరికి దేవుడి దగ్గర కొత్త వెండి కుంకుమ భరిణె కనిపించింది. మా అత్తయ్య అప్పటికే దాన్నిండా కుంకుమ పోసి, బొట్టు కూడా పెట్టుకున్నారు. "మీ ఆఫీసాయన ఎవరో ఇచ్చి వెళ్ళారమ్మా. ఎంత మర్యాదస్తుడో!" అన్నారు. పక్కన కాజూ బర్ఫీ డబ్బా, దాని మీద విజిటింగ్ కార్డు.

నేను జీడిమెట్లలో ఓ మందుల కంపెనీలో పర్చేజ్ చూస్తాను. ఆయన మాకు అట్టపెట్టెలు సప్లై చేస్తారు. పండగ వెళ్ళిన మంగళవారమే వచ్చే ఏడాది రేట్ కాంట్రాక్టుకి ముగ్గురి కొటేషన్లూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఆ ముగ్గురిలో ఆయనొకరు.

వెంటనే ఫోన్ చేశాను. చేసి, "అయ్యో, ఇవన్నీ ఎందుకండీ" అన్నాను. తప్పంతా అక్కడే. మన భాషలో ఆ మాటకి అర్థం "ఇంకోసారి బలవంతపెట్టండి" అని. విస్తరి ముందు "చాలు చాలు" అంటే ఇంకో గరిటె పడుతుందే, అలాగ. ఆయనా అలాగే, "ఎంతండీ, పండగ కదా, అమ్మగారికి ఇచ్చాను, మీకు కాదుగా" అన్నారు. "ఇప్పుడొద్దండీ" అన్నా లాభం లేదు. రేట్లు తేలాక తెస్తారు. చివరికి ఆ మొండి మాట అనక తప్పలేదు: "నేను తీసుకోనండీ. మీ దగ్గరనే కాదు, ఎవరి దగ్గరా తీసుకోను." అవతల కాసేపు మాట లేదు. ఆ నిశ్శబ్దాన్ని నేను హడావిడిగా పూడ్చలేదు. పూడ్చబోతే ఏదో ఒకటి ఒప్పేసుకుంటాం.

ఆ రాత్రే మెయిల్ కూడా పెట్టాను, మా మేనేజరుకి కాపీతో. ఫోన్‌లో మాటకి సాక్ష్యం ఉండదు.

"గుర్తు పెట్టుకుని మా ఇంటికి వచ్చినందుకు సంతోషం. సప్లయర్ల దగ్గర బహుమతులు తీసుకోకూడదని మా కంపెనీ నియమం. అందరికీ అదే వర్తిస్తుంది. భరిణె రేపు మీ ఆఫీసుకి పంపిస్తున్నాను, అందగానే ఒక్క మాట చెప్పండి. స్వీట్లు మా డిపార్ట్‌మెంట్‌లో అందరికీ పంచుతాం. మంగళవారం పదకొండింటికి రేట్ల గురించి మాట్లాడుకుందాం."

ఆ చివరి వాక్యం కోసమే ఎక్కువ ఆలోచించాను. అది లేకపోతే, వస్తువుతో పాటు తననీ తిప్పి పంపారని అనుకుంటారు. లంచం అన్న మాట మాత్రం రాయలేదు. ఆయన మనసులో ఏముందో నాకేం తెలుసు?

కానీ ఇంట్లో అసలు పేచీ అప్పుడు మొదలైంది. "కుంకుమ పోసిన భరిణె వెనక్కిస్తారుటే?" అని అత్తయ్య. కుంకుమ మన పాత భరిణెలోకి వంపుకుందామన్నాను. సరే, మరి పొరుగింటి గిన్నె అయినా ఖాళీగా తిరిగివ్వకూడదు కదా! ఆవిడే భరిణె తుడిచి, దాన్లో రెండు చెంచాల పంచదార పోసి మూత పెట్టారు. నా మెయిల్ చేయలేని పని ఆ పంచదార చేసింది. మర్నాడు ఆయనే ఫోన్ చేసి, "పంచదార నోట్లో వేసుకున్నాం మేడం" అని నవ్వారు.

మంగళవారం వచ్చినప్పుడు టీ తెప్పించాను, ఇద్దరం తాగాం. సప్లయరు టీ కూడా ముట్టనివాళ్ళు కొందరుంటారు. అది నాకు నచ్చదు. వాళ్ళ ఫ్యాక్టరీ చూడ్డానికి వెళ్తే క్యాంటీన్లో పనివాళ్ళు తినే భోజనమే తింటాను. రాత్రికి హోటల్లో డిన్నర్ అంటే మాత్రం రానంటాను. మా ఇంట్లో శుభకార్యాలకి సప్లయర్లని పిలవను. శుభలేఖ ఇస్తే చదివింపులు అడిగినట్టే.

టీ తాగుతూ అసలు సంగతి చెప్పారు. రెండు బిల్లులు ఆగిపోయాయట. చిన్న పరిశ్రమలకి, రాతపూర్వకంగా ఒప్పుకున్న గడువున్నా సరే, 45 రోజుల్లోపు డబ్బు కట్టాలని చట్టం. ఆయన బిల్లులకి 60 దాటాయి. చూస్తే, సరుకు ముట్టినట్టు మా స్టోర్స్‌లో ఎంట్రీయే పడలేదు. అది లేకుండా అకౌంట్స్ వాళ్ళు బిల్లు ముట్టరు. ఆ సాయంత్రమే ఎంట్రీ వేయించాను. వెండి ఇచ్చి ఆయన అడగదలచుకున్నది ఇదే కాబోలు. ఇది ఆయనకి ఊరికే రావలసిందే.

రేటు ఆయనదే తక్కువ తేలింది, ఆర్డరు ఆయనకే వెళ్ళింది. డిసెంబరులో వచ్చిన లోడు పెట్టెలు మాత్రం చెమ్మగిల్లి మెత్తగా ఉన్నాయి. బర్స్టింగ్ పరీక్షలో నిలవలేదు. రిజెక్షన్ నోట్ మీద సంతకం పెట్టడానికి నాకు నిమిషం పట్టలేదు. ఆయన వచ్చి, మీ మిషన్ సరిగ్గా లేదని అరగంట వాదించి, ఇంకో రెండు పెట్టెలు తన ఎదుటే పరీక్ష చేయించుకుని, లోడు వెనక్కి తీసుకెళ్ళారు.

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "అమ్మగారు బాగున్నారా?" అని అడిగారు.