చైన్ లాక్ నోరు ఎటు ఉండాలె

తమ్ముళ్లూ, పోయిన నెల నిజామాబాద్ నుంచి బోధన్‌కు పరీక్ష రాయనీకి పోతుంటే, ఎడపల్లి దాటినంక నా బండి చైన్ ఊడి రోడ్డు మీద పడ్డది. పరీక్ష పోయింది. తప్పు నాదే. ముందురోజు చైన్ లాక్ క్లిప్పు నేనే ఉల్టా పెట్టిన. తెరిచిన నోరు ముందుకు ఉంటే, దేనికన్న తాకినప్పుడు క్లిప్పు వెనక్కి జారి ఊడుతది.

ఇప్పుడు ఆ లింకును వెనక పళ్ల చక్రం మీదికి తెచ్చి పని చేస్తున్న, చైన్ కొసలు అక్కడ కదలవు. విప్పేటప్పుడు కటింగ్ ప్లేయర్ ఒక దవడను క్లిప్పు తెరిచిన కొసకు, ఇంకోటి ఆ కొస దగ్గరి పిన్నుకు అవతలి దిక్కు ఆనించి మెల్లగ నొక్కాలె. పెట్టేటప్పుడు క్లిప్పు రెండు పిన్నుల గాడిలో పడాలె. దవడలు మూసిన తలకు, అవతలి పిన్నుకు ఆనించి నొక్కితే టక్కుమంటది. చైన్ పై వరుస ఇంజిన్ దిక్కు నడుస్తది, కాబట్టి అక్కడ మూసిన తల ఇంజిన్ దిక్కే ఉండాలె.

గోరుతో నెడితే కదిలిందంటే గాడిలో పడలేదు. కాళ్లు విచ్చుకున్న పాత క్లిప్పయితే పారేసి కొత్తది తెచ్చుకోండ్రి.