అట్టముక్కల్లో పైథాగరస్

నిన్న ఎమ్మిగనూరులో అక్క ఇంట్లో ఖాళీ చీరపెట్టె అట్ట దొరికింది. దాంతో నాలుగు లంబకోణ త్రిభుజాలు కత్తిరించి, ఆదోనిలో తొమ్మిదో తరగతి చదివే మేనకోడలి ముందు పెట్టాను. భుజాలు 3, 4 అంగుళాలు.

నేల మీద 7 అంగుళాల చతురస్రం గీసి, మూలకొకటి అమర్చమన్నాను. తొలిసారి ఒక త్రిభుజం తిరగేసి పెట్టింది. 3 పక్కన 3 వచ్చి, గీత మీద అంగుళం ఖాళీ మిగిలింది. ప్రతి అంచున 3 పక్కన 4 రావాలి. సరిచేశాక, మధ్యలో కర్ణాలే అంచులుగా ఏటవాలు ఖాళీ తేలింది.

"అది చతురస్రమేనని ఎట్ల తెలుస్తాది మామా?"

అసలు ప్రశ్న అదే. నాలుగు అంచులూ సమానమైతే చాలదు, మూలలు కూడా 90 డిగ్రీలు ఉండాలి. గీత మీద ఒక బిందువు దగ్గర మొత్తం 180 డిగ్రీలు. అటు ఇటు ఉన్నవి త్రిభుజంలోని రెండు చిన్న కోణాలు, వాటి మొత్తం 90. కాబట్టి మధ్యలో మిగిలేది 90.

తర్వాత త్రిభుజాలను రెండేసి జతచేసి, రెండు దీర్ఘచతురస్రాలుగా ఎదురెదురు మూలలకు జరిపింది. ఈసారి ఖాళీలు రెండు: 3 అంగుళాల చతురస్రం, 4 అంగుళాల చతురస్రం. గీసిన చతురస్రం మారలేదు, త్రిభుజాలూ మారలేదు. కాబట్టి ఖాళీ కూడా మారదు: 9 + 16 = 25. కర్ణం 5.

చివర్లో అంకెలు చెరిపి a, b, c రాయించాను. కత్తిరించిన అట్ట ఒక్క త్రిభుజానికే సాక్ష్యం. ఈ వాదన మాత్రం కొలతలు ఏవైనా నిలుస్తుంది:

a² + b² = c²