వార్డర్ ఎక్కడ నిలబడాలి?

దొంగతనం కేసుల్లో మళ్లీ మళ్లీ జైలుకొచ్చే వాళ్ల మీద నా క్రిమినాలజీ డిసర్టేషన్. వాళ్లతో మాట్లాడేందుకు పర్మిషన్ కోరుతూ జైళ్ల శాఖ డీజీకి లెటర్ రాశా. విచారణ ఖైదీలను అడగలేదు. కేసు నడుస్తుండగా నాతో అన్న మాట రేపు వాళ్లకే ఎదురు తిరగొచ్చు. శిక్ష పడ్డ పదిమంది చాలు. ఫోన్, రికార్డర్ తీసుకెళ్లను, పెన్నూ కాగితమే. అసలు పేర్లు రాయను.

ఇదంతా ఈజీగానే వచ్చింది. టైమ్ పట్టింది ఒక్క లైనుకే: ‘వార్డర్ గారు మాకు కనిపించేంత దూరంలో ఉండాలి, మా మాటలు మాత్రం వినపడకూడదు.’ పక్కనే నిలబడితే, లోపల ఎలా చూస్తున్నారని అడిగితే ఎవరు నిజం చెప్తారు? మాట్లాడనన్న వాళ్ల పేర్లు సిబ్బందికి చెప్పనని కూడా రాశా. పెరోల్ కోసం చూసేవాడు భయంతో ‘సరే’ అంటే అది ఇష్టం కాదు కదా.

ఆ లైన్ చూసి పర్మిషన్ రాదేమో అన్నారు గైడ్ మేడమ్. తీసేస్తే ఇంటర్వ్యూలే దండగ మేడమ్ అన్నా. కాసేపు చూసి సంతకం పెట్టారు. లెటర్ వెళ్లి మూడు వారాలైంది.