నాలుగు వాక్యాల క్షమాపణ

నోటితో అన్న పరిహాసం విన్నవారి చెవులతోనే ఆగిపోవచ్చు. ఫోనులోని గ్రూపులో వ్రాసిన పరిహాసం అలా ఆగదు. ఎవరిని గురించి వ్రాశారో ఆ మనిషి దానిని రాత్రి పడుకునే ముందు మళ్ళీ చదువుకుంటాడు. దాని క్రింద ఎవరెవరు నవ్వు బొమ్మలు పెట్టారో పేర్లతో సహా చూసుకుంటాడు. కనుక అటువంటి మాటకు క్షమాపణ కోరే పద్ధతి కూడా కొంత వేరుగానే ఉంటుంది. ఇటీవల మా మదరసాలో జరిగిన ఒక సంగతిని ఆధారం చేసుకొని ఆ పద్ధతిని వివరించాలనుకుంటున్నాము.

మా ఉపాధ్యాయుల గ్రూపులో పద్దెనిమిది మందిమి ఉన్నాము. మాలో గణితం బోధించే యువ ఉపాధ్యాయుని ఇంటిభాష తెలుగు. మన ప్రాంతంలో దూదేకుల కుటుంబాలు మొదలుకొని ఎన్నో ముస్లిం ఇళ్ళలో తరతరాలుగా తెలుగే మాట్లాడుతారన్నది పాఠకులెరిగినదే. ఆయన ఉర్దూను పెద్దయిన తరువాత శ్రమపడి నేర్చుకున్నారు. పరీక్షల తేదీలు మారిన విషయాన్ని ఒకరోజు ఆయన ఉర్దూలో మాట్లాడి గ్రూపులో పంపారు. వెంటనే హిఫ్జ్‌ విభాగపు ఉస్తాద్‌ ఒకరు, "దీనికి ఉర్దూ తర్జుమా ఎవరైనా పంపుతారా?" అని వ్రాశారు. ఆరుగురు నవ్వు బొమ్మలు పెట్టారు.

ఆ యువకుడు బదులు పలుకలేదు. అయితే ఆనాటి నుండి ఆయన గ్రూపులో నోరు విప్పడం మానివేశారు. ఏది అడిగినా "జీ" అని రెండక్షరాలు వ్రాసి ఊరుకునేవారు. నొచ్చుకున్న మనిషి అందరి ఎదుట ఫిర్యాదు చేయకపోవచ్చు. నిన్నటి వరకు ధారాళంగా మాట్లాడినవాడు నేడు ముక్తసరిగా మారడమే అతని ఫిర్యాదు. మూడవ రోజున ఉస్తాద్‌గారికే అది స్ఫురించి, ఒక చిత్తు వ్రాసుకొని మా వద్దకు వచ్చారు.

అందులో ఇలా ఉంది: "నా మాట వలన మీ మనసు నొచ్చుకొని ఉంటే క్షమించండి. నేను కేవలం సరదాకే అన్నాను. మీరు నా తమ్మునివంటివారు. అల్లాహ్‌ కొరకు ఈ విషయాన్ని ఇంతటితో మరచిపోండి."

ఆయన ఉద్దేశం మంచిదే. కాని ఈ నాలుగు వాక్యాలలో ఏ ఒక్కటీ తప్పును ఒప్పుకోవడం లేదు. "నొచ్చుకొని ఉంటే" అన్నప్పుడు నొప్పి ఉన్నదో లేదో తెలియదని అర్థం. తప్పు మాటలో ఉన్నదా, విన్నవాని సున్నితత్వంలో ఉన్నదా అన్న సందేహాన్ని అది మిగుల్చుతుంది. "సరదాకే" అన్నది వాదన, క్షమాపణ కాదు. "తమ్మునివంటివారు" అన్నది చనువును అడ్డుపెట్టుకోవడం. ఇక చివరి వాక్యం అన్నిటికంటే బరువైనది. పదిహేడు మంది చూస్తుండగా అల్లాహ్‌ పేరిట మరచిపొమ్మంటే, ఆ యువకునికి కాదనే దారి ఎక్కడుంది? క్షమించడం అతని హక్కు, దానిని బలవంతాన లాగుకోరాదు.

ఆ మాటను గ్రూపు నుండి తొలగిస్తే చాలదా అని ఆయన అడిగారు. చదివినవారు చదివేశారు. పైగా సందేశం తొలగించబడినదన్న గుర్తు అక్కడే నిలిచి, ఏదో దాచినట్లు కనిపిస్తుంది. పోనీ, అతని కొరకు దుఆ చేసి మిన్నకుండవచ్చునా అని కూడా అడిగారు. ఇక్కడ ఒక ధార్మిక నియమం ఉంది. పశ్చాత్తాపానికి పండితులు మూడు షరతులు చెప్పారు: పాపాన్ని విడనాడడం, చేసినదానికి బాధపడడం, మళ్ళీ చేయనని నిశ్చయించుకోవడం. సాటి మనిషి హక్కుకు భంగం కలిగినప్పుడు నాలుగవది తోడవుతుంది, ఆ మనిషితోనే లెక్క సరిచేసుకోవాలి. పరోక్షంగా అన్న మాట ఎదుటివానికి ఇంకా చేరనప్పుడు, దానిని చెప్పి కొత్త గాయం చేయవద్దని, అతని కొరకు దుఆ చేసి అదే సభలో అతని మంచిని చెప్పమని కొందరు పండితులు అన్నారు. కాని ఇక్కడ ఆ యువకుడు తన కళ్ళతోనే చదివాడు. కనుక ఆ వెసులుబాటు దీనికి వర్తించదు.

ఇది చాలా చిన్న విషయమని అనుకునేవారు హజ్రత్‌ అబూజర్‌ (రజి) ఉదంతాన్ని జ్ఞాపకం చేసుకోవాలి. అరబ్బు కాని తల్లికి పుట్టిన ఒక వ్యక్తిని ఆయన ఆ తల్లిని ఎత్తి ఎగతాళి చేశారు. దైవప్రవక్త (సఅసం) అంతటి సహచరునితో, నీలో ఇంకా అజ్ఞానకాలపు పోకడ మిగిలి ఉన్నదని అన్నారు. బుఖారీ గ్రంథంలో ఉన్న సంగతి ఇది. పుట్టుకను, తల్లి నేర్పిన భాషను పట్టుకొని నవ్వడం ఏ కోవకు చెందినదో దీనిని బట్టి గ్రహించవచ్చు.

మేము ఉస్తాద్‌గారికి రెండు సూచనలు చేశాము. మొదట ఆ యువకుని ఒంటరిగా కలుసుకొని నోటితో క్షమాపణ కోరాలి. తరువాత, గ్రూపులో కూడా వ్రాయడం ఆయనకు సమ్మతమేనా అని అడగాలి. నలుగురిలో అన్న మాటకు నలుగురిలోనే క్షమాపణ న్యాయం. కాని మానుతున్న పుండును మళ్ళీ అందరికీ చూపడం కొందరికి ఇష్టముండదు. ఆ యువకుడు కొంతసేపు మౌనంగా ఉండి, వ్రాయమనే అన్నారు. అప్పుడు గ్రూపులో వెళ్ళినది ఇది:

"మాస్టర్‌ సాబ్‌, సోమవారం మీ ఉర్దూను గురించి నేను ఇక్కడ వ్రాసిన మాట తప్పు. అది మిమ్మల్ని అందరి ముందు చిన్నబుచ్చింది. అందుకు మిమ్మల్ని క్షమాపణ కోరుతున్నాను. ఇకమీదట ఎవరి భాషను గురించీ అలా మాట్లాడను."

ఇందులో తప్పు ఏదో చెప్పబడింది, కాని పరిహాసాన్ని తిరిగి వల్లించలేదు. దాని వలన ఏమి జరిగిందో ఉంది, ఇకమీదటి మాట ఉంది. కారణాలు లేవు, పొగడ్తలు లేవు, బదులు కోరడం లేదు. పొడవు పెరిగితే చదివేవారి దృష్టి బాధపడినవానిని విడిచి క్షమాపణ కోరేవాని మంచితనం మీదికి మళ్ళుతుంది. అందుకే అక్కడితో ఆపమన్నాము.

నవ్వు బొమ్మలు పెట్టిన ఆరుగురిలో ఇద్దరు వాటిని తీసివేసి, విడిగా వెళ్ళి ఆయనతో మాట్లాడారు. "హజ్రత్‌, ఆ మాట కంటే ఆ బొమ్మలే నన్ను ఎక్కువ బాధించాయి. వాటిలో నేను ఎంతో గౌరవించేవారి పేర్లు ఉన్నాయి" అని ఆ యువకుడు తరువాత మాతో అన్నారు. ఉస్తాద్‌గారిని క్షమించానని కూడా చెప్పారు. నేటికీ ఆయన గ్రూపులో వ్రాస్తారే తప్ప మాట్లాడి పంపరు. తాను క్షమాపణ కోరినా ఆయన ఇంకా మునుపటిలా లేరేమని ఉస్తాద్‌గారు ఒకసారి అడిగారు. బాకీ తీర్చినవానికి బాకీ తీరుతుంది, అప్పిచ్చినవాడు మళ్ళీ ఎప్పుడు చేయి చాచాలో నిర్ణయించే అధికారం మాత్రం రాదు అని మేము బదులిచ్చాము.