ఒకటే జత

డిగ్రీ మొదటి ఏడాది జూలైలో నా బూట్లు వానకి తడిసి కాదు, పొడై పోయాయి. చార్మినార్ దారిలో ఫుట్‌పాత్ మీద మూడు వందల యాభైకి కొన్న జత. పేరున్న కంపెనీ ముద్ర, కొత్త మెరుపు, డబ్బా మాత్రం లేదు. రెండో వానకే నయాపూల్ మీద నడుస్తుంటే మడమ కింద ఏదో మెత్తగా జారింది. వంగి చూస్తే సోల్ తడిసిన బిస్కెట్టులా ముక్కలవుతోంది.

హాస్టల్ సందు మొదట్లో కూర్చునే మోచీ తాత దాన్ని వేళ్ల మధ్య నలిపి చూపించాడు. "గిది నువ్వు ఖరాబు చేసింది కాదు బిడ్డా. నువ్వు కొనేనాటికే అయిపోయింది. ఏండ్ల సంది గోదాంల పడున్న మాల్."

అది నిజమేనని తర్వాత తెలిసింది. కొన్ని సోళ్లు పాలియురెథేన్ నురగతో పోస్తారు. అది గాలిలోని తేమను పీల్చుకుంటూ, ఎవరూ తొడుక్కోకపోయినా, కొన్నేళ్లకి లోపల్లోపలే విడిపోతుంది. పైకి కొత్తగానే కనిపిస్తుంది. బొటనవేలి గోరుతో సోల్ అంచు నొక్కితే జిగురుగా తగిలినా, సన్నటి పగుళ్లు కనిపించినా ముట్టుకోకూడదు. డబ్బా ఉంటే దాని మీద తయారైన నెల, సంవత్సరం చూడాలి. డబ్బా లేని జతకి వయసు తెలియదు. నేను కొన్నది చవక కాదు, వయసు తెలియని సరుకు.

ఇక నా దగ్గర మిగిలినవి ఎనిమిది వందలు. కెమిస్ట్రీ ల్యాబ్‌లోకి చెప్పులతో రానివ్వరు. సాయంత్రం వాలీబాల్. మధ్యలో వాన. మూడింటికీ ఒకటే జత కావాలి. ఈసారి నాతో మా రూమ్‌మేట్ అన్న కూడా వచ్చాడు. సాయంత్రమే వెళ్లాం. రోజంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది, పొద్దున సరిపోయిన బూటు సాయంత్రం బిగుస్తుంది.

"వాటర్‌ప్రూఫ్ ఉందా చాచా?" అని అడిగాను. దుకాణం పెద్దాయన నవ్వాడు. "పానీ ఊపర్ సే ఆతా బేటా." నీళ్లు పైనుంచి వస్తాయి! పాతబస్తీ సందుల్లో గట్టి వాన పడితే నీళ్లు చీలమండ దాటుతాయి. నీళ్లు దూరని బూటులోకి పైనుంచి వచ్చిన నీళ్లు బయటికి కూడా పోవు, అది చెంబే. అప్పటిదాకా నేను తడవని బూటు వెతుకుతున్నాను. వెతకాల్సింది తొందరగా ఆరేది.

ఆ మాటతో తెల్ల కాన్వాసు జత పక్కకి పోయింది. చవకే, రబ్బరు సోల్ పట్టు మంచిదే, కానీ ఆ మందపాటి గుడ్డ ముసురులో రెండు రోజులకి గాని ఆరదు. రెండోది పరుగు బూటు, దూదిలా తేలిక. తిప్పి చూస్తే అడుగున రబ్బరు లేదు, ఆ మెత్తటి ఫోమే నేలకి తగులుతుంది. సిమెంటు మీద త్వరగా అరుగుతుంది, తడిసిన షాబాదు బండల మీద జారుతుంది. పైగా మడమ ఎత్తు. వాలీబాల్‌లో పక్కకి దూకితే కాలు మెలిక పడేది అలాంటి బూటులోనే.

మూడోది నల్లది, చూడ్డానికి ఏ అందమూ లేదు. పక్కలకి జాలీ గుడ్డ, వేళ్ల మీద మాత్రం రెగ్జిన్ తొడుగు. ల్యాబ్‌లో చుక్క పడితే నేరుగా జాలీలోంచి వేలికి తగలదు. ఫోమ్ కింద పల్చటి రబ్బరు పొర. లోపలి అట్ట ఊడి వస్తుంది. అన్న దాన్ని రెండు చేతులతో వంచాడు. వేళ్ల మొదట్లో వంగింది, నడుమ వంగలేదు. మన పాదం వంగేదీ అక్కడే. వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ. ఏడు వందల ఎనభై చెప్పి ఏడు వందలకి ఇచ్చాడు.

మిగిలిన వందలో ఎనభై మోచీ తాతకి. తొడగకముందే సోల్ చుట్టూ మైనం పట్టించిన దారంతో కుట్టాడు. ఉత్త పేస్టింగ్ బూటు నానితే ముందు నోరు తెరుస్తుంది. "కుట్ల సందులకెల్లి నీళ్లు వస్తయ్ మరి" అన్నాడు. రానీ తాతా, ఎట్లాగూ వస్తున్నాయి కదా.

తడిసిన రాత్రి పద్ధతి ఒకటే. అట్టలు తీసి విడిగా ఆరేసి, బూట్లలో పాత పేపరు ఉండలు కుక్కి, గంటకోసారి మార్చి, ఫ్యాను కింద పెట్టడం. ఎండలో పెడితే, హీటరు దగ్గర పెడితే గమ్ము వదులుతుంది. తెల్లారేసరికి కొంచెం చెమ్మ ఉండేది, సాక్సు వేస్తే తెలియదు. మోరీ నీళ్లు కలిసిన రోజు మాత్రం ఈ బూటు పనికిరాదు. జాలీలోంచి ఆ మురికంతా కాళ్లకే. ఆ రోజుల్లో హవాయి చెప్పులు వేసుకుని, బూట్లు కవర్లో పట్టుకుని పోయేవాణ్ణి. హాస్టల్‌కి రాగానే కాళ్లు సబ్బుతో కడగకపోతే వేళ్ల మధ్య ఒరుపు తప్పదు.

పద్నాలుగు నెలలు నడిచాయి. బొటనవేలి కింద రబ్బరు అరిగి ఫోమ్ కనిపించే ముందు వారం, అన్నకి ఏదో ఇంటర్వ్యూ వచ్చింది. గడప మీద కూర్చుని నా బూట్లు తుడుస్తూ కనిపించాడు. ఆయనది నాకన్నా ఒక నంబరు చిన్న పాదం.

"ముందల పేపర్ పెట్టుకుంటలే తమ్మీ" అన్నాడు తలెత్తకుండా.